మొదటి రెండు అంకెలు పట్టించే చెల్లింపులు

1993లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర ఖజానా కార్యాలయంలో ఒక మేనేజర్ మీద కేసు నడిచింది. లేని పార్టీ పేరుతో 23 చెక్కులు రాసి, దాదాపు 19 లక్షల డాలర్లు మళ్లించాడని అభియోగం. ఆయన జాగ్రత్తగానే రాశాడు. ఒక్క మొత్తమూ రెండోసారి రాలేదు, గుండు సంఖ్యలూ లేవు. మొదటి రెండు చెక్కులు 1,927, 27,902 డాలర్లకు. మిగతా 21 మాత్రం 71 వేలకూ 98 వేలకూ మధ్యే ఉన్నాయి. లక్ష దాటితే ఎవరైనా ఆరా తీస్తారనుకున్నాడేమో! అలా దాదాపు ప్రతి చెక్కూ 7, 8, 9 అంకెలతోనే మొదలైంది. మామూలు ఖాతాల్లో 23 చెల్లింపులుంటే అలాంటివి మూడో నాలుగో ఉంటాయి.

ఎందుకలా? వెయ్యి రూపాయల ఖర్చు రెండు వేలు కావాలంటే రెట్టింపు పెరగాలి. అంతవరకూ దాని మొదటి అంకె 1 గానే ఉంటుంది. తొమ్మిది వేలు పది వేలు కావడానికి తొమ్మిదో వంతు పెరిగితే చాలు. అందుకే సహజంగా పుట్టిన మొత్తాల్లో వందకు 30 దాకా 1తో మొదలవుతాయి, 9తో మొదలయ్యేవి ఐదుకు మించవు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ ఇరవై వేలకు పైగా సంఖ్యలు పోగేసి దీన్ని చూపించాడు. అప్పటి నుంచి అది ఆయన పేరుతోనే నిలిచింది.

మన ఖాతాకు దీన్ని పెట్టి చూద్దాం. ఒక హోల్‌సేల్ దుకాణంలో ఏడాదికి 2,000 పేమెంట్లు అనుకోండి. ఎక్సెల్‌లో B కాలమ్‌లో పార్టీ జీఎస్టీ నంబరు, Cలో మొత్తం, Dలో బిల్లు నంబరు ఉన్నాయి. రివర్స్ చేసిన ఎంట్రీలు, పది రూపాయల లోపువి ముందే తీసేయాలి. మొదటి ఒక్క అంకె కన్నా మొదటి రెండు అంకెలు చూడటమే మంచిది, తేడా ఎక్కడుందో అవి సూటిగా చూపిస్తాయి. E కాలమ్‌లో ఆ రెండంకెలు విడదీసి, H కాలమ్‌లో 10 నుంచి 99 వరకు రాసుకుని, పక్కన ఉన్న లెక్కనూ ఉండాల్సిన లెక్కనూ వేయాలి.

```
E2: =VALUE(LEFT(C2,2))
I2: =COUNTIF(E:E,H2)
J2: =LOG10(1+1/H2)*COUNT(E:E)
```

98 ఎదురుగా 9 ఉండాల్సిన చోట 41 కనిపించిందనుకోండి. ఫిల్టర్ పెడితే వాటిలో ముప్పైకి పైగా 9,800 నుంచి 9,899 మధ్యే తేలాయి. హమాలీ ఖర్చులు, అన్నీ నగదు. ఒకరికి ఒకే రోజు పది వేలు దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును సాధారణంగా ఒప్పుకోరు. ఒకే లారీ దింపుడుకు ఒకే రోజు మూడు పేర్లతో మూడు వోచర్లుంటే, పెద్ద మొత్తాన్ని ముక్కలు చేశారా అని అడగాల్సిందే. అయితే అదే 98లో గోదాము అద్దె 9,800 చొప్పున పన్నెండు నెలలూ కూడా ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు. అద్దెలు, జీతాలు, ఒకే ధరకు కొనే సరుకులు ఈ లెక్కకు ఒదగవు, వాటిని పక్కన పెట్టి మళ్లీ చూడాలి. వంద ఎంట్రీల చిన్న ఖాతాలో అయితే ఈ పరీక్ష వేయడమే దండగ, ఒకటి రెండు ఎంట్రీలకే లెక్క తారుమారవుతుంది.

డబ్బు నిజంగా వెనక్కి తెచ్చిపెట్టేది మాత్రం రెండో పరీక్ష. ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లించడం చాలామటుకు మోసం కాదు, పొరపాటే. బిల్లు ఫొటో వాట్సాప్‌లో వస్తే అర్జెంటని కట్టేస్తారు, మూడు వారాలకు అసలు కాగితం వస్తే మళ్లీ కడతారు. మొదటిసారి SL/0417 అని, రెండోసారి SL-417 అని కొట్టారు. అక్షరం తేడా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త బిల్లే అనుకుంటుంది. అందుకే వెతికేటప్పుడు బిల్లు నంబరును వదిలేసి, జీఎస్టీ నంబరూ మొత్తమూ మాత్రమే కలిపి చూడాలి.

```
F2: =COUNTIFS(B:B,B2,C:C,C2)
```

పార్టీ పేరుతో వెతికితే లాభం లేదు. అదే దుకాణం "ట్రేడర్స్" అని ఒకచోట, "ట్రేడింగ్ కంపెనీ" అని ఇంకోచోట ఎక్కి ఉంటుంది. జీఎస్టీ నంబరు లేని చిన్న పార్టీలకు బ్యాంకు ఖాతా నంబరు వాడొచ్చు, కానీ దాని ముందు A లాంటి అక్షరం ఒకటి చేర్చుకోవాలి. లేకపోతే ఎక్సెల్ పదిహేను అంకెల దాకానే పోల్చి, ఆ తర్వాత వేరైన ఖాతాలను కూడా ఒకటిగా లెక్కేస్తుంది.

Fలో 1 కన్నా ఎక్కువ ఉన్న వరసలను తీసి, పార్టీ వారీగా పేర్చుకోండి. 46,728 రూపాయలు జూన్ 12న ఒకసారి, జూలై 3న ఒకసారి పక్కపక్కనే కనిపిస్తాయి. రెండు బిల్లులనూ ఫైల్లోంచి తీసి, తేదీ, సరుకు, లారీ నంబరు సరిచూడాలి. అవి ఒకటే అయితే, ఆ పార్టీని తమ పుస్తకంలోని మన ఖాతా పంపమనాలి. వాళ్ల దగ్గర ఆ 46,728 అడ్వాన్సుగా జమ అయి ఉంటుంది.