ఖాళీ ఉంది, చోటు లేదు

1990లలో యాపిల్ మాకింటోష్ వాడినవాళ్లకు ఒక చిన్న కిటికీ బాగా పరిచయం. తెర పై మూలన ఉన్న యాపిల్ గుర్తును నొక్కి About This Macintosh ఎంచుకుంటే అది తెరుచుకునేది. అందులో కంప్యూటర్‌లోని మొత్తం మెమరీ ఎంతో చెప్పే అంకె ఒకటి, Largest Unused Block అన్న పేరుతో ఇంకో అంకె ఉండేవి. రెండోది మొత్తం ఖాళీ ఎంతో చెప్పేది కాదు, ఉన్న ఖాళీ ముక్కల్లో అన్నిటికంటే పెద్దది ఎంతో చెప్పేది.

అలా చెప్పడానికి కారణం ఉంది. 1991లో వచ్చిన సిస్టమ్ 7 ప్రతి ప్రోగ్రాముకూ తెరిచేటప్పుడే మెమరీలో ఒకే తెగని ముక్క కేటాయించేది. మూడు ప్రోగ్రాములు తెరిచి మధ్యదాన్ని మూసేస్తే నడుమ ఒక ఖాళీ మిగిలేది, చివరన ఇంకో ఖాళీ. రెండూ కలిపితే నాలుగో ప్రోగ్రాముకు సరిపోయేదే. విడివిడిగా చూస్తే ఏదీ చాలదు. అప్పుడు మాక్ మెమరీ లేదని చెప్పేసేది. సినిమా హాల్లో ఆరు సీట్లు ఖాళీగా ఉన్నా, అన్నీ తలా ఒక వరసలో ఉంటే ఐదుగురు కలిసి కూర్చోలేరు కదా, అలాంటి ఇబ్బందే ఇది. దీన్నే ఎక్స్‌టర్నల్ ఫ్రాగ్మెంటేషన్ అంటారు. మెమరీ నిజంగా అయిపోయిందా, ముక్కలైపోయిందా అన్నది పోల్చుకోవడం కష్టం కాదు. ఖాళీలన్నీ కూడితే అడిగినదానికంటే తక్కువ వస్తే అది కొరత. మొత్తం సరిపోయి, పెద్ద ముక్క మాత్రం చాలకపోతే అది ఫ్రాగ్మెంటేషన్.

ఖాళీలు ఏర్పడటం ఎలాగూ తప్పదు. కొత్త ప్రోగ్రామును ఏ ఖాళీలో పెట్టాలన్నది మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో ఉంటుంది. పుస్తకాలు దీనికి ముఖ్యంగా మూడు పద్ధతులు చెబుతాయి. ఫస్ట్ ఫిట్ మొదటినుంచి వెతుకుతూ వెళ్లి, పట్టే ఖాళీ ఏది ముందు కనబడితే అందులో పెట్టేస్తుంది. బెస్ట్ ఫిట్ ఖాళీలన్నీ చూసి, పట్టేవాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుతుంది. వర్స్ట్ ఫిట్ అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుతుంది. పేరు చూసి మూడోదాన్ని తీసిపారేయనక్కర్లేదు, దాని వెనకా ఒక లెక్క ఉంది: పెద్దదాంట్లోంచి కోస్తే మిగిలేది కూడా ఇంకొకరికి పనికొచ్చేంత ఉంటుందని.

మాటల్లో మూడూ సబబుగానే తోస్తాయి కాబట్టి ఒక చిన్న మెమరీ మీద నడిపి చూడాలి. 1000 కేబీ మెమరీ ఉందనుకుందాం. మొదటి 100 కేబీ ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆ తర్వాత 100 నుంచి 300 దాకా ఖాళీ. 300 నుంచి 400 దాకా ‘పి’ అనే ప్రోగ్రాము, 400 నుంచి 520 దాకా ఖాళీ, 520 నుంచి 650 దాకా ‘క్యూ’, 650 నుంచి 900 దాకా ఖాళీ, చివరి వందలో ‘ఆర్’. అంటే వరసగా 200, 120, 250 కేబీల ఖాళీలు మూడు, మొత్తం 570.

ఇప్పుడు ముగ్గురు వస్తారు: మొదట 110 కేబీ కావాలంటూ ‘ఎస్’, తర్వాత 190 కేబీకి ‘టి’, చివర 240 కేబీకి ‘యు’. ముగ్గురి అవసరం కలిపితే 540. ఉన్నది 570. లెక్క ప్రకారం ఎవరూ వెనక్కి పోనక్కర్లేదు.

ఫస్ట్ ఫిట్ ‘ఎస్’ను మొదటి ఖాళీలోనే పెడుతుంది, 200లో 90 మిగులుతుంది. ‘టి’కి 90 చాలదు, 120 చాలదు, 250లోకి వెళ్తుంది. అక్కడ 60 మిగులుతుంది. ‘యు’ వచ్చేసరికి ఖాళీలు 90, 120, 60. కూడితే 270, కావలసింది 240. అయినా చోటు లేదు.

వర్స్ట్ ఫిట్ ‘ఎస్’ను అన్నిటికంటే పెద్దదైన 250లో పెట్టి 140 మిగుల్చుతుంది. ‘టి’ 200లోకి పోతుంది, 10 మిగులుతుంది. చివరికి 10, 120, 140. ఇక్కడా మొత్తం 270, ఇక్కడా ‘యు’ బయటే. దాని కష్టం ఇక్కడే తెలుస్తోంది. రాబోయే పెద్దవాడికి పనికొచ్చే ఒకే ఒక్క ఖాళీని అది ముందే వచ్చిన చిన్నవాడి కోసం కోసేసింది.

బెస్ట్ ఫిట్ సంగతి వేరు. ‘ఎస్’ 120లోకి, ‘టి’ 200లోకి, ‘యు’ 250లోకి అచ్చు వేసినట్టు దిగుతాయి. ఒక్కోచోట పది కేబీ మిగులుతుంది. ముగ్గురికీ చోటు దొరికింది.

ఇక్కడితో ఆపేస్తే బెస్ట్ ఫిట్‌కే ఓటు వేయాలి. చాలామంది విద్యార్థులు ఇలాంటి ఒక లెక్క చేసి ఆ మాటే రాసేస్తారు. అందుకే అవే మూడు ఖాళీలతో ఇంకో వరస చూడాలి. ఈసారి అడిగేవి 110, 115, 90, 240. మొత్తం 555, ఇదీ 570 లోపే. బెస్ట్ ఫిట్ 110ని 120లో పెడుతుంది, పది మిగులుతుంది. 115ని 200లో పెడుతుంది, 85 మిగులుతుంది. తర్వాత వచ్చిన 90కి ఆ 85 అయిదు కేబీ తేడాతో చాలదు. దాంతో 250ని కోయక తప్పదు, అక్కడ 160 మిగులుతుంది. 240 వచ్చేసరికి 10, 85, 160 ఉన్నాయి. మొత్తం 255 ఉండి కూడా చోటు లేదు. ఫస్ట్ ఫిట్ అయితే 110ని 200లో పెట్టి 90 మిగుల్చుకుంది, 115ని 120లో పెట్టింది. తర్వాత వచ్చిన 90 ఆ మిగులులో సరిగ్గా ఇమిడిపోయింది. 250 ఖాళీ చెక్కుచెదరకుండా 240 కోసం ఉండిపోయింది.

ఫస్ట్ ఫిట్ ఇందులో తెలివి ఏమీ చూపలేదు, దాని అదృష్టం బాగుంది, అంతే. బెస్ట్ ఫిట్‌లోని లోపం మాత్రం అదృష్టానికి సంబంధించింది కాదు. అతికినట్టు సరిపోయేదాన్ని వెతకడం వల్ల మిగిలే ముక్కలు మరీ చిన్నవై, ఎవరికీ కాకుండా పోతాయి. పైగా ఖాళీల జాబితా సైజుల వారీగా పేర్చి లేకపోతే ప్రతిసారీ చివరిదాకా వెతకాలి. డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటిలో ఈ పద్ధతులను అనుకరణ ప్రయోగాలతో పోల్చి, అంతవరకూ బెస్ట్ ఫిట్‌కు ఉన్న పేరును ప్రశ్నించి, ఫస్ట్ ఫిట్ వైపు మొగ్గారు. ఫస్ట్ ఫిట్‌కూ ఓ జబ్బు ఉంది: కోతలన్నీ మొదట్లోనే పడి, అక్కడ తుక్కు ముక్కలు పేరుకుపోతాయి. ఆగినచోటినుంచి వెతుకులాట కొనసాగించే నెక్స్ట్ ఫిట్ దానికి విరుగుడుగా వచ్చింది.

ఆ పుస్తకంలోనే ‘యాభై శాతం సూత్రం’ ఉంది. ప్రోగ్రాములు వస్తూ పోతూ వ్యవస్థ ఒక నిలకడకు వచ్చాక, వాడుకలో ఉన్న ముక్కలు వంద ఉంటే ఖాళీలు సుమారు యాభై ఉంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఖాళీలు కలిసి ఒకటైపోవడం వల్ల ఈ నిష్పత్తి వస్తుంది. ఖాళీల సగటు సైజు కూడా ప్రోగ్రాముల సగటు సైజంతే ఉందనుకుంటే, మొత్తంలో మూడో వంతు మెమరీ ఖాళీల్లోనే ఇరుక్కుపోతుంది.

ఎంపికతో తీరని ఈ సమస్యకు ఇంకో దారి ప్రోగ్రాములను జరపడం. అదే కంపాక్షన్. ఫస్ట్ ఫిట్ దగ్గర ‘యు’కు చోటు దొరకని మెమరీనే మళ్లీ చూద్దాం. ‘ఎస్’ 100 నుంచి 210 దాకా ఉంది, కదలనక్కర్లేదు. ‘పి’ని 210కి, ‘క్యూ’ని 310కి, ‘టి’ని 440కి, ‘ఆర్’ని 630కి దించితే, 730 నుంచి 1000 దాకా 270 కేబీ ఏకఖండంగా తేలుతుంది. ‘యు’ హాయిగా పడుతుంది. ఇందుకు కాపీ చేసింది 520 కేబీ. కాస్త ఆలోచిస్తే ‘ఆర్’ను కదిపే పనే లేదు. ‘టి’ 630 దగ్గర ముగుస్తుంది, ‘ఆర్’ 900 దగ్గర మొదలవుతుంది, మధ్యలో అదే 270 ఉంది. 420 కేబీతోనే పని అయిపోతుంది. ఎవరిని కదిపితే తక్కువ ఖర్చుతో సరిపోతుందో వెతకడమే కంపాక్షన్‌లో సగం పని.

కాపీలోనూ ఒక మెలిక ఉంది. ‘పి’ పాత చోటు 300 నుంచి 400, కొత్తది 210 నుంచి 310. 300 నుంచి 310 దాకా రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాపీ కింది చిరునామా నుంచి పైకి సాగాలి. చివరినుంచి మొదలుపెడితే ‘పి’ చివరి పది కేబీ వెళ్లి, ఇంకా కాపీ కాని మొదటి పది కేబీ మీద పడి దాన్ని చెరిపేస్తుంది.

అసలు అడ్డంకి ఇంకోటి. నడుస్తున్న ప్రోగ్రాములో ‘నా డేటా ఫలానా చిరునామాలో ఉంది’ అన్న గుర్తులు ఎక్కడెక్కడో దాగి ఉంటాయి. దాన్ని జరిపితే అవన్నీ తప్పుతాయి. ఐబీఎం సిస్టమ్/360 యంత్రాల్లో చాలావాటికి ఈ చిక్కే ఉండేది. ప్రోగ్రాము నడక మొదలయ్యాక దాని రిజిస్టర్లలో అసలు చిరునామాలే చేరేవి కాబట్టి, కోరిన సైజులో మెమరీ పంచే ఎంవీటీ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చల్లగా ఎత్తి పక్కన పెట్టలేకపోయేది. అదే కాలపు సీడీసీ 6600 యంత్రంలో ప్రతి జాబ్‌కూ ఆర్‌ఏ అనే రిజిస్టర్ ఉండేది. జాబ్ తన చిరునామాలను సున్నా నుంచి లెక్కపెట్టుకుంటుంది, హార్డ్‌వేర్ వాటికి ఆర్‌ఏలోని అంకె కలుపుతుంది. జాబ్‌ను కాసేపు ఆపి, కాపీ చేసి, ఆ ఒక్క అంకె మారిస్తే చాలు.

మాకింటోష్ దీన్ని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చింది. ప్రోగ్రాము తన వాటా లోపల ముక్కలను హ్యాండిల్ ద్వారా, అంటే ‘చిరునామా ఎక్కడ రాసి ఉందో ఆ చిరునామా’ ద్వారా, చేరుకునేది. దాంతో వాటా లోపలి ముక్కలను జరపడం కుదిరింది. వాటాలను మాత్రం జరపలేకపోయింది. అందుకే అవతల ప్రోగ్రాములు మూసి మళ్లీ తెరవడమే వాడేవాళ్లకు మిగిలిన దారి.

నేటి యంత్రాల్లో పేజింగ్ ఉంది. మెమరీని సాధారణంగా 4 కేబీ పేజీలుగా కోసి, ఒకే ప్రోగ్రాము పేజీలను ఎక్కడ పడితే అక్కడ పెట్టవచ్చు. కాబట్టి మామూలు ప్రోగ్రాముకు పై కష్టం లేదు. అయినా వేగం కోసం 2 ఎంబీ పెద్ద పేజీ కావాలంటే వరసగా 512 చిన్న పేజీలు ఖాళీగా ఉండాలి, పాత చిక్కు అక్కడ మళ్లీ తల ఎత్తుతుంది. లినక్స్‌లో 2010లో వచ్చిన 2.6.35 కెర్నెల్‌తో కంపాక్షన్ చేరింది. అడ్మినిస్ట్రేటర్ దాన్ని చేత్తో కూడా నడపవచ్చు:

```
cat /proc/buddyinfo
echo 1 > /proc/sys/vm/compact_memory
cat /proc/buddyinfo
```

మొదటి, మూడో ఆజ్ఞలు ఏ సైజు ఖాళీలు ఎన్నున్నాయో చూపుతాయి. ఎడమ వైపు నిలువు వరుసలు చిన్న ఖాళీలవి, కుడి వైపువి పెద్దవాటివి. రెండోది కంపాక్షన్‌ను నడుపుతుంది. పని జరిగితే ఎడమ అంకెలు తగ్గి కుడి అంకెలు పెరుగుతాయి. పెద్దగా మారకపోతే, దారిలో కెర్నెల్ సొంత డేటా లాంటి కదలని పేజీలు అడ్డుపడి ఉండవచ్చు. వాటిని జరపడానికి లినక్స్‌కు వీలు లేదు కాబట్టి, కదలని పేజీలను వీలైనంతవరకు ఒకే చోట గుంపుగా పెట్టే ప్రయత్నం అది ముందునుంచే చేస్తుంది.