విలేకరి రెజ్యూమెలో ఏ వార్త ఉండాలి, ఏ లెక్క ఉండాలి

విలేకరులు పంపే రెజ్యూమెల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటి రకంలో "క్రైమ్, రాజకీయాలు, విద్య, వైద్యం, వ్యవసాయం, క్రీడలు కవర్ చేశాను" అని ఉంటుంది గానీ, రాసిన వార్త ఒక్కటీ ఉండదు. రెండో రకంలో నలభై లింకులు వరసగా పేర్చి ఉంటాయి, వాటిలో ఏది ముందు చదవాలో తెలియదు. చూసే న్యూస్ ఎడిటర్‌కి గానీ బ్యూరో చీఫ్‌కి గానీ కావాల్సింది ఒకటే. ఈ మనిషి ఏ విషయంలో లోతుగా వెళ్లగలడో, దానికి రుజువు ఎక్కడుందో వెంటనే తెలియాలి.

భద్రాచలంలో ఎనిమిదేళ్లు పనిచేసిన ఒక విలేకరిని ఊహించుకుందాం. చిన్న సెంటర్లో బీట్ల పంపకం ఉండదు. ఆలయం, ఆస్పత్రి, పోలీస్ స్టేషన్, గోదావరి అన్నీ ఒక్కరే చూడాలి. అన్నీ చూశాడు కాబట్టి అన్నీ రాయాలనిపిస్తుంది. కానీ పేజీ మీద రెండు బీట్లు నిలబెడితే చాలు. ఒకటి గోదావరి వరద, రెండోది పోడు భూములు, గిరిజన సంక్షేమం. మిగతావి "వీటితో పాటు పట్టణ సాధారణ వార్తలు" అన్న ఒక్క వాక్యంలో సర్దుకుంటాయి.

ఇప్పుడు వరద బీట్ సంగతి చూద్దాం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వారం నీటిమట్టం గంటగంటకూ రాయని విలేకరి లేడు. అందుకే "2022 వరదలు కవర్ చేశాను" అంటే ఎడిటర్‌కి కొత్తగా తెలిసేదేమీ లేదు. మన విలేకరి అందరిలా నీటిమట్టం రాస్తూనే, కరకట్ట దాటని నీళ్లు లోపలి కాలనీల్లోకి ఎలా వచ్చాయో స్లూయిస్‌ల దగ్గరికి వెళ్లి చూసి రాశాడనుకుందాం. రెజ్యూమెలో ఆ వార్త ఇలా ఉంటే సరిపోతుంది:

"కట్ట దాటలేదు, కాలనీ మునిగింది. 2022 జూలై, జిల్లా పేజీ ప్రధాన వార్త. స్లూయిస్‌ల పరిశీలన, నిర్వహణ రికార్డులు, ముంపు కుటుంబాల కథనాలు ఆధారం. రెండు ఫాలోఅప్‌లు."

శీర్షికే లింకు. దాని కింద వేరే చిరునామా అక్కర్లేదు. మూడు చిన్న వాక్యాల్లో ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆధారంతో రాశాడో తెలిసిపోయింది. ఇలాంటివి బీట్‌కి మూడు, మొత్తం ఆరు ఉంటే చాలు. ఆ మూడూ ఒకే రకంవి కాకపోతే మేలు. గంటలో రాసిపంపిన వార్త ఒకటి, రికార్డులు తవ్వి రాసింది ఒకటి, తీరుబడిగా రాసిన కథనం ఒకటి ఉంటే ఆ బీట్‌లో అతను ఎన్ని విధాలుగా పనిచేయగలడో కనబడుతుంది. "నా వార్తకు అధికారులు స్పందించారు" అని రాయాలంటే ఉత్తర్వు తేదీ గానీ, ఫాలోఅప్ లింకు గానీ పక్కన ఉండాలి. లేకపోతే ఆ మాట వదిలేయడమే మంచిది.

ఇక్కడ తెలుగు జిల్లా విలేకరికి ఒక ఇబ్బంది ఉంది. జిల్లా పేజీ వార్తలు చాలావరకు బైలైన్ లేకుండా, ఊరి పేరుతోనే వస్తాయి. ఆ వార్త తనదేనని ఎలా చూపాలి? దాచిపెట్టకుండా "బైలైన్ లేకుండా ప్రచురితం" అని రాసి, అప్పట్లో ఆ పేజీ చూసిన డెస్క్ ఇన్‌చార్జి అనుమతి తీసుకుని వారి పేరును పరిచయస్తుల్లో చేర్చాలి. ఇద్దరు ముగ్గురు కలిసి రాసిన వార్తయితే అందులో తన వంతు ఏమిటో చెప్పాలి. ఫోన్ చేసి కనుక్కునే ఎడిటర్లు ఉన్నారు. తనది కానిది ఒక్కటి బయటపడితే మిగిలిన ఐదు వార్తల మీదా నమ్మకం పోతుంది.

లింకుల సమస్య ఇంకొకటి. ఈ-పేపర్ పాత సంచికలు కొన్నాళ్లకు తెరుచుకోకపోవచ్చు, లేదా లాగిన్ అడుగుతాయి. వెబ్‌సైట్ వార్త అయితే ప్రచురితమైన రోజే web.archive.org లో భద్రపరిచి ఆ ప్రతి లింకు దగ్గర పెట్టుకోవాలి. అచ్చు వార్త అయితే తేదీ, ఎడిషన్, పేజీ నంబరు కనిపించేలా పేజీ మొత్తం స్కాన్ చేసుకోవాలి. పెట్టె వార్తను మాత్రమే కత్తిరిస్తే అది పేజీలో ఎక్కడ వచ్చిందో తెలియదు. మరో చిక్కు తెలుగు చిరునామాలది. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరాలుంటే, కాపీ చేసినప్పుడు "త" అనే ఒక్క అక్షరం %E0%B0%A4 గా మారుతుంది. "గోదావరి" అన్న మాటే 63 గుర్తులవుతుంది. ఆ తోక ఒక్కటి చాలు రెజ్యూమె సగం మింగేయడానికి. శీర్షిక వెనుకే లింకు పెడితే ఈ బాధ లేదు. కాగితం మీద ప్రింటు తీసి చూసేవారి కోసం, ఆరు వార్తలూ ఉన్న ఒకే పేజీకి దారి చూపే చిన్న క్యూఆర్ కోడ్ మూలన ఒకటి చాలు.

ఇక ఎంతమంది చదివారన్న లెక్క. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. పత్రిక సర్క్యులేషన్‌ను 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ధ్రువీకరిస్తుంది. అది ప్రతుల లెక్క. ఇండియన్ రీడర్‌షిప్ సర్వే చెప్పేది పాఠకుల లెక్క, అంటే ఒకే ప్రతిని ఇంట్లో, హోటల్లో చదివేవారంతా అందులో వస్తారు. అందుకే రెండు సంఖ్యలకు పొంతన ఉండదు. ఏదైనా సరే అది పత్రిక మొత్తానిది. భద్రాచలం వార్త జిల్లా పేజీలో వస్తే, దాన్ని విజయవాడ పాఠకుడు చూడనే చూడడు. పత్రిక మొత్తం సంఖ్యను తన వార్త పక్కన రాసుకుంటే జిల్లా ఎడిషన్ల సంగతి తెలిసిన ఎడిటర్ ఇట్టే పట్టేస్తాడు. "జిల్లా పేజీ" అనో "రాష్ట్రమంతటా మొదటి పేజీ" అనో రాస్తే, సంఖ్య లేకుండానే వార్త ఎంతదూరం వెళ్లిందో ఆయనకు అర్థమవుతుంది. టీవీలోనూ అంతే. బార్క్ రేటింగ్ ఛానల్‌కి, ఆ సమయానికి చెందింది. ఒక్క స్టోరీ రేటింగ్‌గా దాన్ని చూపలేం.

డిజిటల్లో మాత్రం ఒక్కో వార్తకూ విడిగా లెక్క దొరుకుతుంది. అక్కడ సంఖ్య రాయవచ్చు గానీ, అది దేని లెక్కో, ఎంత కాలానిదో చెప్పాలి. "3 లక్షల వ్యూస్" అన్నది సగం సమాచారమే. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలవగానే వ్యూ కింద లెక్క వేస్తున్నారు, ఎంతసేపు చూశారన్న దానితో పని లేదు. అంతకుముందరి షార్ట్‌ను, ఆ తర్వాతి షార్ట్‌ను పక్కపక్కన పెట్టి పోల్చలేం. వెబ్ వార్తకయితే "మొదటి వారంలో ఇన్ని పేజీ వ్యూస్, సగటున ఇన్ని నిమిషాలు చదివారు" అన్నది బలమైన మాట. ఆ అంకె సంస్థ అంతర్గత డాష్‌బోర్డ్‌లోది అయితే బయటపెట్టే ముందు అడగాలి. ఆరు వార్తల్లో ఒకటి రెండింటికే సంఖ్య ఉండి, మిగతా వాటికి పేజీ స్థానమే ఉన్నా ఏ లోటూ లేదు. నాలుగు కుటుంబాల పోడు పట్టా గురించి రాసిన వార్తను ఎక్కువమంది చదవకపోవచ్చు. అయినా ఆ వార్తను తీసేయకూడదు.

పంపేముందు చూడాల్సినవి రెండున్నాయి. పత్రికాఫీసుల్లో అలవాటైన పాత అను ఫాంట్లలో శీర్షికలు టైపు చేస్తే పీడీఎఫ్‌లో బాగానే కనబడతాయి. కానీ అవతలివాళ్లు కాపీ చేసినా, వెతికినా అర్థంలేని గుర్తులే వస్తాయి కాబట్టి యూనికోడ్‌లోనే రాయాలి. పీడీఎఫ్‌ను ప్రింట్ ఆప్షన్ ద్వారా చేస్తే లింకులు చచ్చిపోయి నీలం రంగు మాత్రం మిగలవచ్చు. వర్డ్‌లో సేవ్ యాజ్ నుంచి చేసి, లాగిన్ లేని వేరే ఫోన్‌లో తెరిచి ఆరు శీర్షికలనూ నొక్కి చూడాలి. తెరుచుకోనిది ఏదైనా ఉంటే దాని స్థానంలో స్కాన్ పెట్టాలి. స్కాన్ కూడా లేకపోతే ఆ వార్తను తీసేసి వేరేది ఎంచుకోవాలి.