పిన్నికి రాసిపెట్టిన వంటింటి చీటీ

కూతురి పురిటికి అమెరికా వెళ్ళేవాళ్ళు ఆర్నెల్ల పాటు ఇల్లు తాళం వేసి ఉంచలేక, ఊళ్ళో ఉన్న పిన్నినీ బాబాయినీ వచ్చి ఉండమంటారు. బయల్దేరే ముందు రాత్రి సూట్‌కేసులు తూకం వేసుకుంటూ, హడావిడిలో ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటిస్తారు. "పిన్నీ! కుక్కర్ మూడు విజిల్స్ చాలు. రాత్రిపూట గ్యాస్ కట్టెయ్యి. పోపుల పెట్టె కింది అరలో ఉంది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ మర్నాడు పొద్దున్న వంటింట్లో నిలబడ్డ పిన్నికి ఇది ఎందుకూ పనికిరాదు. ఆమె నలభై ఏళ్ళుగా వండుతోంది. పప్పు ఎలా ఉడకాలో, పోపు ఎప్పుడు దించాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమెకు తెలియనిదల్లా ఈ ఇంటి కుక్కరు, ఈ ఇంటి పొయ్యి, ఈ ఇంటి డబ్బాలు. చూడగానే తెలిసిపోయేవి వదిలేసి, చూసినా తెలియనివి మాత్రమే రాసిన చీటీ ఆమెకు అక్కరకొస్తుంది. హైదరాబాదు ఫ్లాట్‌లో ఉండే అక్క కూతురు తెనాలి నుంచి వస్తున్న పిన్నికి అలాంటి చీటీ రాస్తోందనుకుని, ఒక్కో మాటా చూద్దాం.

ముందు ఆ మూడు విజిళ్ళ సంగతి. విజిల్ అంటే లోపలి ఆవిరి వెయిట్‌ను పైకెత్తి కొంత బయటికి పోవడం, అంతే. పప్పు ఎంత ఉడికిందో అది చెప్పదు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించిన కుక్కర్లో ఆవిరి ఒత్తిడి పెరిగి ఆ వేడి దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడిలో పప్పు ఎంతసేపు ఉందన్నదే లెక్క. పెద్దమంట మీద మూడు విజిళ్ళు గబగబా వచ్చేస్తాయి, పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. చిన్నమంట మీద అవే మూడు విజిళ్ళకు చాలాసేపు పట్టి పప్పు మెత్తగా పేస్టయిపోతుంది. పిన్ని ఇంట్లో మూడు విజిళ్ళు సరిపోయాయంటే ఆమె పొయ్యి, ఆమె కుక్కరు, ఆమె మంట అలా కుదిరాయి. ఇక్కడ కుదరాలని లేదు. అందుకే విజిళ్ళు మానేసి నిమిషాలు రాయాలి.

"పిన్నీ! ఇది అయిదు లీటర్ల కుక్కరు. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యి. కింది గిన్నెలో గ్లాసు కందిపప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు. పై గిన్నెలో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు. గ్లాసంటే బియ్యం డబ్బాలో వేసి ఉంచిన స్టీలు గ్లాసే. పెద్దమంట మీద పెడితే మొదటి విజిల్ పది నిమిషాల లోపు వస్తుంది. రాగానే సిమ్‌లో పెట్టి, గడియారం చూసుకుని ఇంకో పది నిమిషాలు ఉంచి కట్టెయ్యి. తర్వాత మళ్ళీ విజిల్ రాకపోయినా కంగారుపడకు."

ఈ చీటీలో అన్నిటికన్నా విలువైన మాట "పది నిమిషాల లోపు" అన్నది. ఎంతసేపట్లో రావాలో తెలిస్తేనే, రాకపోవడం కూడా కనిపెట్టగలరు. పదిహేను నిమిషాలైనా విజిల్ రాలేదంటే ఆవిరి ఎక్కడి నుంచో పోతోంది, అడుగున నీళ్ళు ఇంకిపోతున్నాయి. మూత అంచు చుట్టూ బుసబుసమంటూ చుక్కలు కారుతుంటే రబ్బరు వదులైనట్టు. పొయ్యి కట్టేసి, చల్లారాక మూత తీసి, రబ్బరు కడిగి సరిగ్గా కూర్చోబెట్టాలి. వేసవిలో సాగినట్టనిపిస్తే కాసేపు ఫ్రిజ్‌లో పెడితే బిగుస్తుంది. అది కొద్దిరోజుల ముచ్చటే కాబట్టి, కొత్త రబ్బరు ఒకటి కొని, ఏ సొరుగులో పెట్టారో రాస్తే పిన్ని మీకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు. మీకు అక్కడ అర్ధరాత్రి కూడాను.

రబ్బరు బాగానే ఉండీ విజిల్ రాకపోతే అసలు ప్రమాదం వెయిట్ కింది గొట్టంలో ఉంటుంది. పప్పు పొంగి, నురగ ఆ సన్నని దారిలోకి వెళ్ళి ఎండిపోతుంది. మూతను వెలుతురుకేసి పట్టుకుని గొట్టంలోంచి చూస్తే అటు వైపు కనిపించాలి. కనిపించకపోతే చీపురు పుల్లతో పొడిచి, కుళాయి కింద కడగాలి. ఇది ప్రతిసారీ మూత పెట్టేముందు చేయాల్సిన పని. పప్పు గిన్నెను సగానికి మించి నింపవద్దనడం కూడా ఈ నురగ మూలంగానే. గొట్టం పూర్తిగా మూసుకుపోతే మూత మీది సేఫ్టీ వాల్వ్ కరిగి ఆవిరిని వదిలేస్తుంది. అది పోయాక దానిలో ఏదో కుక్కి నడిపించుకోకూడదు. అదే కంపెనీ వాల్వ్ తెచ్చి వేసేదాకా ఆ కుక్కరు ముట్టుకోవద్దని చీటీలో గట్టిగానే రాయాలి.

మూత తీయడం గురించి ఒక్క మాట. కట్టేశాక పది, పదిహేను నిమిషాలకు ఒత్తిడి దానంతట అదే దిగుతుంది. వెయిట్‌ను గరిటె కాడతో కొంచెం లేపి చూస్తే బుస్సుమనకూడదు. అన్నమూ పప్పూ ఆ దిగే వేడిలో కూడా ఉడుకుతాయి గనక తొందరపడి తీస్తే పలుకు మిగులుతుంది.

కుక్కరు బాగున్నా పప్పు ఉడకని ఇళ్ళు ఉన్నాయి. అక్కడ కారణం నీళ్ళు. హైదరాబాదు అపార్టుమెంట్లలో మంచినీటి కుళాయికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళలో ఏదో ఒకటి వస్తుంది. మిగతా కుళాయిలకు చాలాచోట్ల బోరు నీళ్ళే. బోరు నీళ్ళలోని సున్నం పప్పు గింజను గట్టిపరుస్తుంది. ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే మిగులుతుంది. ఇంటివాళ్ళకు ఇది చేతి అలవాటైపోయి గుర్తే ఉండదు. సింకు దగ్గర రెండు కుళాయిలుంటే ఎడమదో కుడిదో వంటకి ఏది వాడాలో రాసి తీరాలి. చింతపండు, ఉప్పు పప్పు ఉడికాకే వేయాలన్నది పిన్నికి తెలిసిందే, అది చీటీకి అక్కర్లేదు.

ఇక పొయ్యి. కొత్త పొయ్యి మీద అందరూ తడబడేది సిమ్ దగ్గరే. మన పొయ్యిల్లో చాలావాటికి నాబ్ నొక్కి ఎడమకు తిప్పగానే ముందు పెద్దమంట వస్తుంది, ఇంకా అటే చివరిదాకా తిప్పితే సిమ్ అవుతుంది. తగ్గించాలని వెనక్కి తిప్పితే మంట ఆరిపోతుంది. మీ పొయ్యి ఏ తీరుదో ఒకసారి తిప్పి చూసి అలాగే రాయండి. ఏ నాబ్ ఏ బర్నర్‌దో, ఏ బర్నర్ లైటరుతోనే అంటుకుంటుందో కూడా.

ఇంకొకటి, చాలామంది రాయరు. ఎక్కువ పొయ్యిల్లో మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అది ఆగే ఏర్పాటు లేదు. కిటికీ గాలికో, పాలు పొంగో సిమ్ మంట ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది. మా వంటింట్లో పడమటి కిటికీ తెరిస్తే చిన్న బర్నర్ సిమ్‌లో నిలవదు. అలాంటి సంగతి ఆ ఇంటి మనిషికి తప్ప ఎవరికీ తెలియదు, చీటీ ఉన్నదే అందుకు. పాలు పొంగాక మంట నీలంగా లేక పసుపు నాలుకలు చాస్తే చిల్లులు పూడుకున్నట్టు. బర్నర్ చల్లారాక తీసి, పిన్నీసుతో చిల్లులు శుభ్రం చేసి, కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టాలి.

సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టి, తలుపులూ కిటికీలూ తెరవాలి. లైటు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆర్పకూడదు. బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయాలి. రెగ్యులేటర్ ఎటు తిప్పితే కట్టినట్టో మాటల్లో రాయడం కన్నా దాని పక్కన గోడ మీద బాణం గుర్తు అతికించడం మేలు. పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళలో అయితే పిడి పైపుకి అడ్డంగా ఉంటే కట్టినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. సిలిండర్ అయిపోయినప్పుడు మరో చిక్కు ఉంది. బుక్ చేశాక ఇంటికి తెచ్చినవాడు ఒక కోడ్ నంబర్ అడుగుతాడు. అది వచ్చేది మీ పేరున నమోదైన ఫోన్‌కి. ఆ సిమ్ మీతో డాలస్‌లో ఉంటే పిన్ని గుమ్మంలో నిలబడిపోతుంది. ఆ ఫోన్ ఇంట్లో వదిలి వెళ్తారో, కోడ్ వాట్సాప్‌లో పంపుతారో ముందే తేల్చి రాయండి.

డబ్బాల విషయంలో పోపుల పెట్టె జోలికి పోనక్కర్లేదు. ఆవాలూ జీలకర్రా మెంతులూ కంటికి కనిపిస్తాయి. పొడుల దగ్గరే మోసపోతాం. వంట సోడా మెత్తటి ఉప్పులా, మొక్కజొన్న పిండి మైదాలా, రసం పొడి సాంబారు పొడిలా ఉంటాయి. వీటికి పేర్లు రాసి అంటించాలి. అంటించడం మూత మీద మాత్రం వద్దు. ఒకే సైజు డబ్బాలు నాలుగు కడిగి ఆరబెట్టాక మూతలు మారిపోతాయి. పేరు డబ్బా ఒంటి మీద ఉండాలి.

పేరు ఒక్కటే చాలదు, ఘాటు కూడా చెప్పాలి. గుంటూరు మిరపతో ఆడించిన కారానికీ, రంగెక్కువ ఘాటు తక్కువైన బ్యాడిగి మిరప కారానికీ చూపులో పెద్ద తేడా తెలియదు. చూసి రెండోదనుకుని మూడు చెంచాలు వేస్తే బాబాయి కంచం ముందు నుంచి లేవాల్సిందే. ముద్ద ఇంగువ చిటికెడు వేసేచోట, పిండి కలిపిన డబ్బా ఇంగువ ఇంకాస్త పడుతుంది. రాళ్ళ ఉప్పు చెంచాలో ఖాళీలుంటాయి గనక అదే చెంచా మెత్తటి ఉప్పు వేస్తే కూర ఉప్పు కషాయం. కాబట్టి డబ్బా మీద ఇలా రాస్తే సరిపోతుంది: "కారం, గుంటూరు. పావు కిలో కూరకి ఒక చెంచా, లోపలి చెంచాతోనే." ఆ చెంచా నిజంగా డబ్బాలో ఉండాలి. పొగలు కక్కే గిన్నె మీద డబ్బా వంచవద్దనీ రాయండి. ఆవిరి తగిలిన కారం ఉండలు కట్టి బూజు పడుతుంది.

రాసిందంతా ఒకే కాగితం మీద పెట్టి ఫ్రిజ్‌కి అంటిస్తే, చేతులు తడిగా ఉన్న మనిషి అక్కడిదాకా వెళ్ళి చదవదు. కుక్కరు మాటలు కుక్కరు పెట్టే అర తలుపు లోపల, పొయ్యి మాటలు పొయ్యి వెనక గోడ మీద, కళ్ళజోడు లేకపోయినా కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. పిన్ని ఒక రోజు ముందు వస్తే ఇంకా మంచిది. వంటిల్లు ఆమెకు వదిలేసి మీరు హాల్లో కూర్చోండి. పప్పూ అన్నం అయ్యేలోపు ఆమె "ఏమే, ఇదెక్కడుందే?" అని ఎన్నిసార్లు పిలిస్తే అన్ని వరుసలు చీటీలో తక్కువపడ్డట్టు. ఆ సాయంత్రమే రాసి చేర్చండి.