వరుస నిల్వ ఆధారంగా అంకెల తారుమారును కనుగొనడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- బ్యాంకు స్టేట్‌మెంటు నకలులో తప్పు ఏ వరుసలో ఉన్నదో గుర్తించగలరు.
- ఆ తప్పు మొత్తం గడిలో జరిగిందా, నిల్వ గడిలో జరిగిందా అన్నది నిర్ణయించగలరు.
- 9తో భాగించే పరీక్ష ఎంతవరకు పనికివస్తుందో చెప్పగలరు.

1. పరిచయం

బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి లావాదేవీకి ఎదురుగా, ఆ లావాదేవీ తరువాత ఖాతాలో మిగిలిన సొమ్ము ఉంటుంది. దీనిని వరుస నిల్వ అంటాము. కంప్యూటరు ముద్రించిన స్టేట్‌మెంటులో ఈ కూడికలు, తీసివేతలు సాధారణంగా తప్పవు. కాని ఆ స్టేట్‌మెంటును చేతితో రిజిస్టరులోకి ఎక్కించేటప్పుడు పక్కపక్క అంకెలు స్థానాలు మార్చుకోవచ్చు. 84కు బదులు 48 రాయడం వంటి ఈ తప్పును అంకెల తారుమారు అంటారు.

2. ఉదాహరణ

ఒక మహిళా పొదుపు సంఘం లెక్కలు రాసే సభ్యురాలు ఏప్రిల్ నెల స్టేట్‌మెంటును రిజిస్టరులోకి ఈ విధంగా ఎక్కించారనుకోండి.

| తేదీ | వివరం | జమ (రూ.) | ఉపసంహరణ (రూ.) | నిల్వ (రూ.) |
|---|---|---|---|---|
| 1 | ప్రారంభ నిల్వ | | | 18,640 |
| 3 | పొదుపు | 2,400 | | 21,040 |
| 8 | బ్యాంకు రుణ వాయిదా | | 7,350 | 13,690 |
| 12 | సభ్యుల అప్పు వాయిదాలు | 5,480 | | 19,530 |
| 19 | సభ్యురాలికి అప్పు | | 3,200 | 16,330 |
| 24 | పొదుపు | 4,150 | | 20,480 |
| 29 | బ్యాంకు ఛార్జీలు | | 118 | 20,362 |

మొదట మొత్తాలను సరిచూద్దాం. జమలు 12,030 రూపాయలు, ఉపసంహరణలు 10,668 రూపాయలు. ప్రారంభ నిల్వకు జమలు కలిపి, ఉపసంహరణలు తీసివేస్తే 20,002 వస్తుంది. రిజిస్టరులో ముగింపు నిల్వ 20,362. అంటే మన లెక్క 360 రూపాయలు తక్కువగా వచ్చింది.

3. తొమ్మిదితో భాగించే పరీక్ష

84 అంటే ఎనిమిది పదులు, నాలుగు ఒకట్లు. 48 అంటే నాలుగు పదులు, ఎనిమిది ఒకట్లు. వీటి మధ్య తేడా 36, అంటే 9 × 4. ఇందులో 4 ఆ రెండు అంకెల మధ్య తేడా. ఏ రెండు పక్కపక్క అంకెలు తారుమారైనా వచ్చే తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది.

మన తేడా 360. దీనిని 9తో భాగిస్తే 40 వస్తుంది. అంటే వందల, పదుల స్థానాల్లోని అంకెలు తారుమారై ఉండవచ్చు. వాటి మధ్య తేడా 4 ఉండాలి. ఇప్పుడు రిజిస్టరులో అటువంటి మొత్తాలను వెతకండి. 2,400, 5,480, 4,150 మూడింటిలోనూ ఆ తేడా 4 ఉన్నది.

2,400ను తిప్పి రాస్తే 2,040 అవుతుంది. అప్పుడు జమ ఇంకా తగ్గి లోటు పెరుగుతుంది కనుక దానిని వదిలివేయవచ్చు. మిగిలిన రెండింటిలో 5,480ను 5,840గా మార్చినా, 4,150ని 4,510గా మార్చినా మొత్తాలు సరిపోతాయి. ఏది తప్పో ఈ పరీక్ష చెప్పలేదు. ఊహించి 4,150ని మార్చారనుకోండి. ముగింపు నిల్వ కుదురుతుంది, కాని పొదుపులో లేని 360 రూపాయలు కనిపిస్తాయి. వాయిదా సక్రమంగా కట్టిన సభ్యురాలి పేరున 360 రూపాయల బాకీ మిగిలిపోతుంది.

4. వరుసవారీ పరీక్ష

ఇక్కడే వరుస నిల్వ ఉపయోగపడుతుంది. ప్రతి వరుసలోనూ పై వరుస నిల్వకు జమ కలిపి, ఉపసంహరణ తీసివేసి, వచ్చినదానిని ఆ వరుసలో రాసి ఉన్న నిల్వతో పోల్చండి.

3వ తేదీన 18,640 + 2,400 = 21,040. సరిపోయింది. 8వ తేదీన 21,040 − 7,350 = 13,690. సరిపోయింది. 12వ తేదీన 13,690 + 5,480 = 19,170; రాసి ఉన్నది 19,530. తేడా 360. మిగిలిన మూడు వరుసలు సరిపోతాయి. కనుక తప్పు 12వ తేదీదే. 24వ తేదీ 4,150 సరైనదే. సరైన జమ 19,530 − 13,690 = 5,840.

కంప్యూటరులో పట్టిక ఉంటే, నిలువు వరుసలు పై క్రమంలోనే A నుండి E వరకు ఉండి, ప్రారంభ నిల్వ E2లో ఉన్నప్పుడు, F3లో ఈ సూత్రం రాసి కిందికి లాగండి. సున్నా రాని వరుసను పరిశీలించాలి.

```
=E2+C3-D3-E3
```

5. తప్పు ఏ గడిలో ఉన్నది?

(అ) మొత్తం గడిలో తప్పు: పై ఉదాహరణలో వలె ఒకే ఒక్క వరుస సరిపోదు. మొత్తాల పరీక్షలోనూ అదే తేడా వస్తుంది.

(ఆ) నిల్వ గడిలో తప్పు: జమలన్నీ సరిగా ఉండి, 19వ తేదీ నిల్వ 16,330కి బదులు 13,630 అని రాశారనుకోండి. ఆ వరుసలో లెక్క ప్రకారం రావలసినదానికంటే నిల్వ 2,700 తక్కువగా కనిపిస్తుంది. తరువాతి వరుస ఆ తప్పు నిల్వతోనే మొదలవుతుంది కనుక 13,630 + 4,150 = 17,780 వస్తుంది; రాసి ఉన్నది 20,480, అంటే 2,700 ఎక్కువ. వెంటవెంట రెండు వరుసల్లో ఒకే తేడా, ఎదురు దిశల్లో వస్తే మొదటి వరుస నిల్వనే అనుమానించాలి. మొత్తాల పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. అయితే చివరి వరుస నిల్వ తప్పితే కింద వరుస లేనందున అది (అ) వలెనే కనిపిస్తుంది. అప్పుడు అసలు స్టేట్‌మెంటు చూడక తప్పదు.

(ఇ) నిల్వలను మనమే లెక్కగట్టినప్పుడు: నిల్వలను స్టేట్‌మెంటు నుండి ఎక్కించకుండా 5,480 ఆధారంగా మీరే లెక్కించి ఉంటే ఏ వరుసా తప్పినట్లు కనిపించదు. 12వ తేదీ నుండి ప్రతి నిల్వా 360 తక్కువగా సాగుతుంది. కనుక నిల్వలను బ్యాంకు నిల్వలతో పోల్చాలి. వరుసలు ఎక్కువగా ఉంటే ముందు మధ్య వరుసను పోల్చండి. అక్కడ కుదిరితే తప్పు కింది సగంలో, కుదరకపోతే పై సగంలో ఉంటుంది. ఇలా సగాలు చేస్తూ పోతే మొదట తేడా వచ్చిన వరుస దొరుకుతుంది.

6. పరిమితులు

తేడా 9తో భాగింపబడినంత మాత్రాన అది తారుమారు కానక్కరలేదు. 4,500కు బదులు 450 రాస్తే తేడా 4,050. ఇదీ 9తో భాగింపబడుతుంది. 9తో భాగింపబడకపోతే జమను ఉపసంహరణ గడిలో రాశారేమో చూడండి. అప్పుడు తేడా ఆ మొత్తానికి రెట్టింపు ఉంటుంది.

బ్యాంకులోనే మొత్తాన్ని తప్పుగా నమోదు చేసి ఉంటే, నిల్వ కూడా ఆ తప్పు మొత్తంతోనే లెక్కకట్టబడుతుంది. వరుసవారీ పరీక్షలో ఏ తేడా కనబడదు. దానిని బయటపెట్టేది మీ వద్ద ఉన్న జమ చీటీ కౌంటరుఫాయిలే. అందుకే సవరణకు ముందు అసలు స్టేట్‌మెంటును, కౌంటరుఫాయిలును రెండింటినీ చూడాలి. తప్పు అంకెపై ఒక గీత గీసి, పైన సరైన మొత్తం రాసి, తేదీతో పొడి సంతకం చేయండి. పాత అంకె చదవగలిగేలా ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ప్రశ్న: ప్రారంభ నిల్వ 9,275. మొదటి వరుసలో ఉపసంహరణ 1,630, నిల్వ 7,465. రెండవ వరుసలో జమ 2,900, నిల్వ 10,545. తప్పు ఎక్కడ ఉన్నది?

జవాబు: మొదటి వరుసలో రావలసిన నిల్వ 7,645; రాసినది 180 తక్కువ. రెండవ వరుసలో 7,465 + 2,900 = 10,365; రాసినది 180 ఎక్కువ. తేడాలు సమానంగా, ఎదురు దిశల్లో ఉన్నాయి కనుక మొదటి వరుస నిల్వలో తప్పు ఉన్నది. 180ని 9తో భాగిస్తే 20. వందల, పదుల స్థానాల్లోని 6, 4 తారుమారైనాయి.