స్కాన్ ఫొటో కాదు, అసలు ఫైళ్లు అడగండి

హైదరాబాద్‌లో మెదడు ఎమ్మారై తీయించుకుని దోహా వెళ్లిపోయిన మనిషి, అక్కడి డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోవాలంటే ఫిల్మును ఫొటో తీసి పంపితే చాలదు. ఫిల్ము మీద ఉండేవి ఏరి అచ్చువేసిన కొన్ని చిత్రాలే. వాటిలో వెలుగునీడలు మార్చి చూసే వీలుండదు. అందుకే ఆసుపత్రికి రాసే ఉత్తరంలో ‘మొత్తం స్కాన్ డైకామ్ ఫైళ్లుగా, సంతకం చేసిన రిపోర్టుతో సహా ఇవ్వండి’ అని అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరు, స్కాన్ తేదీ రాసి, పాస్‌పోర్టు నకలు జతచేయాలి. సీడీ తెచ్చేది తమ్ముడైతే అతని పేరిట అనుమతి కూడా రాయాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. గడువు లెక్కకు ఆధారం ఉండాలి కనుక ఉత్తరం అందినట్టు రసీదు తీసుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. సీడీ చేతికొచ్చాక తమ్ముడు దాన్ని అక్కడే తెరిపించి, అన్న పేరు, తేదీ సరిచూసుకోవాలి.