పాల వాడుక విలువెంత?

ఇంటింటికీ గేదె పాలు పోసే వ్యాపారి ఒకాయన కొత్త కాలనీలో అడుగుపెడుతున్నాడనుకుందాం. లీటరు 80 రూపాయలు. రైతుకిచ్చేది, ప్యాకింగ్, పెట్రోలు, పాలు వేసే కుర్రాడి జీతం పోగా లీటరుకు మిగిలేది 8. రోజూ లీటరు పోయించుకునే ఇల్లు నెలకు 2,400 కడుతుంది గానీ, ఆయన చేతిలో నిలిచేది 240. వాడుక విలువ కట్టాల్సింది ఈ 240 మీద. చాలామంది బిల్లు మీద కడతారు. అక్కడే విలువ పది రెట్లు ఉబ్బిపోతుంది.

మరి ఆ ఇల్లు ఎన్నాళ్లుంటుంది? దీనికి ఒక నోటుపుస్తకం చాలు. ఏ నెలలో చేరిన ఇళ్లను ఆ నెల పేజీలో రాసి, మానేసినవాటిని కొట్టేస్తూ పోవాలి. వేసవి సెలవులకు ఊరెళ్లి పాలు ఆపించినవాళ్లను మాత్రం కొట్టేయకూడదు, వాళ్లు తిరిగొస్తారు.

ఆయన పుస్తకంలో 100 ఇళ్లు చేరితే మొదటి నెలలోనే 30 మానేశాయి. తర్వాత ఉన్నవాటిలో నెలకు నూటికి అయిదు చొప్పున జారిపోతున్నాయి. ఆ లెక్కన మొదటి నెల దాటిన ఇల్లు సగటున 20 నెలలుంటుంది. కానీ దాటేవి 70 ఇళ్లే కాబట్టి, చేరిన ఇంటికి పడేది 14 నెలలు. మొదటి నెల కలిపితే 15. అంటే 3,600 రూపాయలు. మూడేళ్ల తర్వాత వచ్చేదాన్ని లెక్కలోంచి తీసేస్తే సుమారు 3,000. నేనైతే ఈ చిన్న అంకెనే నమ్ముతాను. మూడేళ్లలో రైతు ధర మారుతుంది, ఆ వీధిలోకి ఇంకొకరు వస్తారు.

ఇక వాడుక పట్టే ఖర్చు. 40 ఇళ్లకు మూడేసి రోజులు ఉచితంగా పాలు పోస్తే 8,640 అయింది. కరపత్రాలు, ఇల్లిల్లూ తిరిగిన మనిషి కూలి 3,360. మొత్తం 12,000. ఇంటికి 300 అయిందని ఆయన సంబరపడ్డాడు. చేరినవి 12 ఇళ్లే. తాగి చూసి వద్దన్న 28 ఇళ్ల ఖర్చునూ చేరినవాళ్లే మోయాలి. అసలు ఖర్చు ఇంటికి 1,000.

విలువలో మూడో వంతు దాటి ఖర్చుపెట్టొద్దని వ్యాపారుల్లో ఒక మోటు లెక్క ఉంది. ఆ 8 రూపాయల్లోంచే గది అద్దె, ఫ్రిజ్ కరెంటు, విరిగిన పాల నష్టం కూడా రావాలి గనక అది సబబే. 3,000లో 1,000 అంటే సరిగ్గా అంచు మీద ఉన్నాడు.

అయినా ఆ వెయ్యి తిరిగొచ్చేదెప్పుడు? మొదటి నెల 240, రెండో నెల మిగిలినవాళ్లను బట్టి సగటున 168, తర్వాత 160... ఇలా ఆరో నెల ముగిసేసరికి గానీ పూడదు. ఒకేసారి 100 ఇళ్లు పడితే లక్ష రూపాయలు అర్ధ సంవత్సరం ఇరుక్కుంటాయి. పాలు పోసే రైతుకేమో పదిహేను రోజులకోసారి బిల్లు చెల్లించాలి. అందుకే ఆయన నెలకు 20 ఇళ్లకు మించి చేర్చుకోకుండా ఆగాడు.