పెరుగుతుందో తగ్గుతుందో తెలియకుండానే కాల్ ధర ఎలా కడతారు?

ఒక షేరు ఇవాళ 100 రూపాయలు. మూడు నెలల తర్వాత అది 120 కావచ్చు, లేదా 90 కావచ్చు. మూడో మాట లేదనుకుందాం. మూడు నెలలకు వడ్డీ 2 శాతం. ఆ రేటుకు అప్పు పుడుతుంది, దాచుకున్నా అంతే వస్తుంది. ఈ షేరు మీద 100 రూపాయల స్ట్రైక్‌తో ఒక యూరోపియన్ కాల్ ఉంది. అంటే గడువు రోజున, ఆ ఒక్క రోజే, షేరును 100కి కొనుక్కునే హక్కు. ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు ఈ రకానివే. విడి షేర్ల ఆప్షన్లు కూడా 2011లో ఈ రకానికి మారాయి. తెర మీద స్ట్రైక్ పక్కన కనిపించే CE ఇదే. షేరు 120 అయితే ఆ హక్కు విలువ 20 రూపాయలు, 90 అయితే సున్నా. మరి ఇవాళ దానికి ఎంత ఇవ్వాలి?

పెరిగే అవకాశం ఎంతో తెలియాలి కదా?

ఎవరికైనా మొదట తట్టేది ఇదే. పెరిగే అవకాశం 60 శాతం అనుకుంటే సగటున చేతికొచ్చేది 12 రూపాయలు. దాన్ని 2 శాతం వడ్డీతో ఇవాళ్టి విలువకు తెస్తే 11.76. లెక్క సాఫీగానే ఉంది, కానీ ఆ ధరకు కాల్ కొన్నవాళ్ళు ఎక్కువ ఇచ్చినట్టే. ఎందుకో చూడాలంటే, కాసేపు కొనడం మానేసి అమ్మేవాడి వైపు నిలబడాలి.

అతను మూడు కాల్స్ అమ్మాడు. షేరు పెరిగితే 60 రూపాయలు ఇవ్వాలి, తగ్గితే ఏమీ ఇవ్వక్కర్లేదు. అతను వెంటనే 176.47 రూపాయలు అప్పు చేసి, పైన 23.53 తన డబ్బు వేసి, రెండు షేర్లు కొని పక్కన పెట్టుకుంటాడు. మూడు నెలలకు ఆ అప్పు వడ్డీతో సరిగ్గా 180 అవుతుంది. షేరు 120 అయితే రెండు షేర్లూ 240 తెస్తాయి, అప్పు పోగా 60 మిగులుతుంది. 90 అయితే వచ్చిన 180 అప్పుకే సరిపోతుంది, మిగిలేది సున్నా. మూడు కాల్స్ కింద ఇవ్వాల్సింది కూడా అచ్చం ఇంతే.

కాబట్టి మూడు కాల్స్‌ను సొంతంగా తయారు చేసుకోవడానికి అయ్యే ఖర్చు 23.53, ఒక్కోటి 7.84. ఎవరైనా ఒక్కోదానికి 11.76 ఇచ్చి మూడు కొంటే అమ్మినవాడికి 35.29 వస్తుంది. అందులో 23.53 ఖర్చుపెట్టి, మిగతా 11.76 ఇవాళే జేబులో వేసుకుంటాడు. షేరు ఎటు పోయినా అతనికి చింత లేదు. కాల్ 7.84 కంటే చవగ్గా దొరికితే ఇదే పని తిరగేసి చేస్తారు: కాల్ కొని షేర్లు అరువు తెచ్చి అమ్ముతారు. ధర 7.84 దగ్గర నిలబడేది ఈ రెండు వైపుల ఒత్తిడి వల్లే. ఈ లెక్కలో 60 శాతం అన్న అంకెకు ఎక్కడా చోటు దొరకలేదు.

రెండు షేర్లే ఎందుకు? కాల్ విలువ రెండు కొమ్మల మధ్య 20 రూపాయలు కదిలితే షేరు 30 కదులుతుంది. ఒక కాల్‌కు 20/30, అంటే మూడింట రెండు వంతుల షేరు. ట్రేడర్లు డెల్టా అనేది దీన్నే.

మరి రిస్క్-న్యూట్రల్ సంభావ్యత ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రతిసారీ షేర్లు, అప్పు కూర్చి లెక్కవేయడం విసుగు. బీజగణితంలో దాన్నే సర్దితే ఒక పొట్టి దారి దొరుకుతుంది. పెరిగితే షేరు ఎన్ని రెట్లవుతుందో u, తగ్గితే ఎన్ని రెట్లో d, అడుగుకు వడ్డీ r అనుకుంటే:

q = (1 + r − d) / (u − d)

మన అంకెలతో (1.02 − 0.90) / (1.20 − 0.90) = 0.4. ఇప్పుడు 0.4 × 20 = 8, దాన్ని 1.02తో భాగిస్తే 7.84. అదే జవాబు. ఈ q నే రిస్క్-న్యూట్రల్ సంభావ్యత అంటారు.

ఈ 0.4 షేరు పెరిగే అవకాశం గురించి ఎవరి అంచనా కాదు. సగటున షేరు కూడా అప్పుపత్రంలా 2 శాతమే పెరగాలంటే సంభావ్యత ఎంత ఉండాలో అది చెబుతుంది: 0.4 × 120 + 0.6 × 90 = 102. నిజంగా పెరిగే అవకాశం 60 శాతమే అయితే షేరు సగటు రాబడి 8 శాతం. అప్పుడు 7.84 పెట్టి కొన్న కాల్ సగటున 12 తెస్తుంది, అంటే 53 శాతం రాబడి. కాల్‌లో అప్పు దాగి ఉంది కనుక దాని రిస్క్ షేరు కంటే చాలా ఎక్కువ. అసలు సంభావ్యతతోనే లెక్క కట్టాలని పట్టుబడితే, 2 శాతానికి బదులు ఈ 53 శాతంతో భాగించాలి. ఆ 53 ముందే తెలియాలంటే కాల్ ధర ముందే తెలియాలి! q వాడితే ఈ చిక్కు లేదు, మామూలు వడ్డీ చాలు.

q ఎప్పుడూ సున్నాకూ ఒకటికీ మధ్యే ఉండాలి. లేకపోతే మీ లెక్కలో ఏదో తేడా ఉంది. సాధారణంగా జరిగేది ఏమిటంటే, అడుగు ఒక రోజుది, వడ్డీ మాత్రం ఏడాదిది. రోజుకు u = 1.02, d = 0.98 పెట్టి, r దగ్గర ఏడాది వడ్డీ 0.07 వేస్తే q 2.25 వస్తుంది.

రెండో అడుగు వేస్తే?

గడువు ఆరు నెలలు, మూడేసి నెలల రెండు అడుగులు అనుకుందాం. రెండుసార్లు పెరిగితే షేరు 144, రెండుసార్లు తగ్గితే 81. పెరిగి తగ్గినా, తగ్గి పెరిగినా 108కే చేరుతుంది. కొమ్మలు మధ్యలో మళ్ళీ కలవడం వల్లే అడుగులు పెరిగినా లెక్క అదుపులో ఉంటుంది. చివర కాల్ విలువలు వరుసగా 44, 8, 0.

ఇక చివర్నుంచి వెనక్కి రావాలి. షేరు 120 దగ్గరుంటే (0.4 × 44 + 0.6 × 8) / 1.02 = 21.96. షేరు 90 దగ్గరుంటే (0.4 × 8) / 1.02 = 3.14. ఈ రెంటినీ మొదటికి తెస్తే (0.4 × 21.96 + 0.6 × 3.14) / 1.02 = 10.46.

సూత్రంలో కనపడని పని ఒకటి మధ్యలో ఉంది. మొదట డెల్టా (21.96 − 3.14) / 30, సుమారు 0.63. షేరు 120కి వెళితే అది 1 అవుతుంది. అమ్మినవాడు మరింత అప్పు చేసి పూర్తి షేరు పట్టుకోవాలి. 90కి పడితే 8/27, దాదాపు 0.30, సగానికి పైగా అమ్మి అప్పు తగ్గించుకోవాలి. ఈ సర్దుబాట్లకు బయట్నుంచి ఒక్క రూపాయీ అక్కర్లేదు. మొదట పుచ్చుకున్న 10.46తోనే చివరి లెక్క ముడిపడుతుంది. బ్రోకరేజీ, పన్నులు లేవనుకుంటేనే సుమా. పెరిగినప్పుడు కొని, తగ్గినప్పుడు అమ్మే పని ఇది, ప్రతిసారీ ఖర్చు తగులుతుంది.

ఈ చెట్టును కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ 1979లో ప్రచురించారు. షేరు ఒడిదుడుకుల రేటు σ నుంచి u = e^(σ√Δt), d = 1/u అని తీసుకుని అడుగులు చిన్నవి చేస్తూ పోతే, ధర 1973 నాటి బ్లాక్-షోల్స్ సూత్రం ఇచ్చే అంకెకు చేరువవుతుంది.

ఎక్కడ తెగుతుంది?

అంతా రెండే కొమ్మలు అన్న ఊహ మీద ఆధారపడి ఉంది. రెండు షేర్లు, 180 అప్పు ఉన్న మనవాడి దగ్గరికే వెళ్దాం. షేరు 105 దగ్గర ఆగితే అతని దగ్గర 30 మిగులుతుంది, మూడు కాల్స్‌కు ఇవ్వాల్సింది 15 మాత్రమే. లాభమే. కానీ రాత్రికి రాత్రి ఏదో వార్త వచ్చి షేరు 150కి ఎగిరితే షేర్లు 300 తెస్తాయి, అప్పు పోగా 120. ఇవ్వాల్సింది 150. ఆ 30 రూపాయల లోటు అతను జేబులోంచి కట్టాల్సిందే, ఎందుకంటే 120 దగ్గర ఆగి ఇంకో షేరు కొనే వ్యవధి అతనికి దొరకలేదు.